‘నేను వెళ్ళిన స్నేహితుడు’ ఎందుకు కుదరదు? – ఒక ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

‘నేను చదివిన పుస్తకం’ అంటాం, ‘నేను కూర్చున్న కుర్చీ’ అంటాం, ‘నేను పండు కోసిన కత్తి’ అంటాం. మూడింట్లోనూ క్రియ రూపం ఒకే జాతిది, చివర ‘-ఇన’ (‘కూర్చున్న’లో అది ‘-న్న’ అయింది) వచ్చి నామవాచకం ముందు కూర్చుంది. కానీ మొదటిది ‘పుస్తకాన్ని’ చదవడం, రెండోది ‘కుర్చీలో’ కూర్చోవడం, మూడోది ‘కత్తితో’ కోయడం. ఆ ని, లో, తో అన్నీ ఎగిరిపోయాయి, అయినా వినేవాడికి ఇబ్బందేమీ లేదు. సరే, ఇదే పద్ధతిలో ‘స్నేహితుడితో వెళ్ళాను’ని తిప్పి ‘నేను వెళ్ళిన స్నేహితుడు’ అని చూడండి. కుదరదు. కత్తికి ఎగిరిపోయిన ‘తో’ స్నేహితుడికి ఎందుకు ఎగరదు?

ఇలా ఒక నామవాచకానికి తగిలి అది ఏదో, ఎవరో చెప్పే వాక్యాన్ని రిలేటివ్ క్లాజ్ అంటారు. ఈ ప్రశ్న పట్టుకుని తెలుగు రిలేటివ్ క్లాజులని ఒక పట్టికలో పెట్టడమే ప్రాజెక్టు. పట్టిక గీతలు నేను గీసినవి కావు, భాషాశాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ 1977లో అచ్చువేసిన వ్యాసంలోవి. వాళ్ళు సుమారు 50 భాషలు చూసి ఒక వరస ప్రతిపాదించారు, దాన్ని యాక్సెసిబిలిటీ హైరార్కీ అంటారు. నేను ఇక్కడ నిచ్చెన అనేస్తాను. పై మెట్టు కర్త, తర్వాత కర్మ, తర్వాత ఎవరికి ఇచ్చామో ఆ ‘కి’ మెట్టు, తర్వాత మిగతా విభక్తుల మెట్టు (లో, తో, నుంచి వగైరా), తర్వాత ‘యొక్క’ సంబంధం, అన్నిటికన్నా కింద ‘కన్నా’తో పోల్చే నామవాచకం.

వాళ్ళు చెప్పినదాన్ని రెండు ముక్కల్లో పెడితే: ఏ భాషలోనైనా కర్త మీద రిలేటివ్ క్లాజ్ కట్టడం సాధ్యం కావాలి. ఒక పద్ధతి కొన్ని మెట్ల మీద పనిచేస్తే అవి వరసగా ఉండాలి, మధ్యలో ఒక మెట్టు వదిలేసి కిందిదాని మీద మళ్ళీ పనిచేయకూడదు. ఎక్కడైనా ఆగిపోవచ్చు, కానీ ఆగాక మళ్ళీ మొదలవకూడదు. ఈ రెండో ముక్కే నాకు కావలసింది, ఎందుకంటే తెలుగు ‘-ఇన’ మధ్యలో ఆగి కింద మళ్ళీ మొదలవుతున్నట్టు పైకి కనిపిస్తుంది. ‘వెళ్ళిన స్నేహితుడు’ కుదరదు గానీ, దానికి కింది మెట్టు అయిన ‘యొక్క’ మీద ‘తండ్రి చనిపోయిన పిల్లాడు’ బ్రహ్మాండంగా కుదురుతుంది.

పట్టిక కట్టడం

పై మూడు మెట్లకీ పెద్ద పని లేదు. ‘నన్ను చూసిన మనిషి’ కర్త, ‘నేను చూసిన మనిషి’ కర్మ, ‘నేను డబ్బు ఇచ్చిన మనిషి’ కి. అన్నీ పాస్.

ఇక్కడ ఒక్క సంగతి మాత్రం రాసుకోవాలి, ఎందుకంటే తర్వాతి గొడవలన్నిటికీ మూలం అదే. మామూలు వాక్యంలో ‘చూశాను’, ‘చూశాడు’, ‘చూశారు’ అని క్రియే కర్త ఎవరో చెప్పేస్తుంది. ‘చూసిన’ ఏమీ చెప్పదు. అంటే ‘-ఇన’ రూపం ఒకేసారి రెండు గుర్తులు తుడిచేస్తోంది, క్లాజ్ ఏ మాటకి తగిలిందో ఆ తల నామవాచకానికి ఉండాల్సిన విభక్తి ఒకటి, క్రియలో కర్త గుర్తు ఒకటి. ‘చంపిన పులి’ అని ఒంటరిగా రాస్తే పులి చంపిందా, పులిని చంపారా అన్నది తేలదు. ‘మనిషిని చంపిన పులి’ అన్నా, ‘మనిషి చంపిన పులి’ అన్నా తేలిపోతుంది, మిగిలిన నామవాచకం మీద ‘ని’ ఉందా లేదా అన్నదే ఆధారం కాబట్టి.

టర్కిష్ ఈ పని వేరేగా చేస్తుంది. అక్కడ కర్త మీద కడితే ‘-అన్/-ఎన్’ అన్న ప్రత్యయం, కర్త కాని వాటి మీద కడితే మామూలుగా ‘-దిక్’ జాతి ప్రత్యయం, దానికి తోడు ఎవరు చేశారో చెప్పే గుర్తు. ‘గోరెన్ అదమ్’ అంటే చూసిన మనిషి (అతనే చూశాడు), ‘గోర్దూయూమ్ అదమ్’ అంటే నేను చూసిన మనిషి. మనకి రెండిటికీ ‘చూసిన’ ఒక్కటే. మన రూపం చాలా తక్కువ చెబుతుంది, మిగతాదంతా వినేవాడు ఊహించుకోవాలి. ఊహకి అందినంత దూరం అది నిచ్చెన దిగుతుంది.

ఇక నాలుగో మెట్టు దగ్గరికొచ్చేసరికి ఒక్క గడి సరిపోలేదు. కీనన్, కామ్రీల పట్టికలో అదంతా ఒకే గడి. తెలుగులో అందులో ఏడెనిమిది రకాల సామాను ఉంది. అందుకని స్ప్రెడ్‌షీట్‌లో విభక్తికి ఒక నిలువు వరస, అది వాక్యంలో చేసే పనికి ఒకటి, తల మనిషా వస్తువా అన్నదానికి ఒకటి విడగొట్టాను. ఇలా ఉంటుంది:

```
id,case,role,head,sentence
41,తో,సాధనం,వస్తువు,నేను పండు కోసిన కత్తి
42,తో,ఎదుటివాడు,మనిషి,నేను ఫోన్లో మాట్లాడిన ఆవిడ
43,తో,తోడు,మనిషి,నేను ఊరికి వెళ్ళిన స్నేహితుడు
51,నుంచి,మూలం,చోటు,మేము బయల్దేరిన ఊరు
52,నుంచి,మూలం,చోటు,మేము వచ్చిన ఊరు
```

‘role’ అన్న నిలువు వరస లేకపోతే 41, 42, 43 మూడూ ఒకే ‘తో’ కింద పడిపోయి, ‘తో కొన్నిసార్లు కుదురుతుంది, కొన్నిసార్లు కుదరదు’ అన్న పనికిరాని వాక్యం ఒకటి మిగిలేది.

అడిగే పద్ధతి

‘ఈ వాక్యం కరెక్టేనా’ అని అడిగితే పని జరగదు. అందరికీ బళ్ళో వ్యాకరణం గుర్తొచ్చి టెన్షన్ పడతారు, లేదా మర్యాదకి ‘ఆ, బానే ఉంది’ అనేస్తారు. బానే ఉంది అన్నవాళ్ళు కూడా దాన్ని నేననుకున్న అర్థంలో తీసుకున్నారో లేదో తెలియదు. ఉదాహరణకి ‘మేము వచ్చిన ఊరు’ అన్న మాట అందరికీ బానే ఉంటుంది. కానీ అందరూ దాన్ని ‘మేము చేరుకున్న ఊరు’ అనే తీసుకుంటారు, ‘మేము ఎక్కడ్నుంచి వచ్చామో ఆ ఊరు’ అని కాదు. కరెక్టా కాదా అన్న ప్రశ్నకి జవాబు ‘కరెక్ట్’, నా పట్టిక ప్రశ్నకి మాత్రం జవాబు ‘ఫెయిల్’.

అందుకని పద్ధతి ఇదీ: ముందు రెండు మామూలు వాక్యాల్లో సందర్భం చెప్పాలి, తర్వాత పరీక్ష మాట వినిపించాలి, ఆ తర్వాత ‘అంటే ఎవరు ఏం చేశారు?’ అని అడగాలి. జవాబు సందర్భంతో కలిస్తే పాస్. వాళ్ళంతట వాళ్ళే వాక్యాన్ని సరిదిద్ది చెబితే ఆ సరిదిద్దిన రూపం మాట మాటగా రాసుకోవాలి, ఆ రూపాలు తీర్పుల కన్నా విలువైనవి (కింద వస్తుంది ఎందుకో). ఇంకో జాగ్రత్త, ఒకే రకం వాక్యాలు వరసగా వినిపించకూడదు. కత్తి, పెన్ను, గొడ్డలి, తాళం అని నాలుగు సాధనాలు వరసగా విన్నాక చెవి అలవాటు పడిపోయి ఐదోది ఏదైనా ఒప్పేసుకుంటుంది. వాక్యాలని కలిపేసి, మధ్యలో సంబంధం లేని మామూలు వాక్యాలు దూర్చాలి.

రాసిన తెలుగులోంచి ఉదాహరణలు వెతికి తీసుకోవడం కూడా చేస్తున్నాను గానీ, అందులో చెత్త ఎక్కువ. ‘న’తో ముగిసే మాటలన్నీ పట్టుకుంటే ‘పైన’ వచ్చేస్తుంది, ‘అందమైన’, ‘గొప్పదైన’ వచ్చేస్తాయి, ‘చేసిన తర్వాత’, ‘వచ్చిన వెంటనే’ కుప్పలుగా వస్తాయి. ఇంకా ఒక జాతి ఉంది, అది చూడ్డానికి అచ్చం రిలేటివ్ క్లాజే: ‘అతను వచ్చిన సంగతి’, ‘ఎవరో తలుపు కొట్టిన చప్పుడు’. సంగతి రాలేదు, చప్పుడు తలుపు కొట్టలేదు, చప్పుడుతో కొట్టలేదు, చప్పుడులో కొట్టలేదు. ఏ విభక్తి పెట్టి చూసినా లోపలి వాక్యంలో ఈ నామవాచకానికి చోటే లేదు. కాబట్టి దీన్ని నిచ్చెన మీద ఎక్కడా పెట్టలేం. జపనీస్‌లో కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది, ‘దొఆ ఓ తతకు ఒతొ’ అంటే తలుపు కొట్టే చప్పుడు, అదే కట్టుబడి, అదే ఖాళీ లేని లోపలి వాక్యం. కామ్రీయే తర్వాత రోజుల్లో ఇలాంటి ఆసియా భాషల గురించి రాస్తూ, వీటిలో ఉన్నది అసలు రిలేటివ్ క్లాజ్ అని విడిగా చెప్పదగ్గది కాదేమో, నామవాచకానికి ఒక వాక్యాన్ని తగిలించే ఒకే పెద్ద నిర్మాణం ఉందేమో, సంబంధం ఏమిటన్నది అర్థాన్ని బట్టి తేలుతుందేమో అన్నాడు. ఈ మాట పక్కన పెట్టుకుని ముందుకెళ్తే మన ‘తో’ సమస్య చాలావరకు విడుతుంది.

మూడు ‘తో’లు

సాధనం ‘తో’ ఎవరూ ఆగకుండా పాస్ చేశారు. ‘నేను పండు కోసిన కత్తి’, ‘తలుపు తీసిన తాళం చెవి’, ‘ఉత్తరం రాసిన పెన్ను’. కోయడం అన్న పనికి కత్తికి ఉన్న సంబంధం ఇంకొకటి లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

రెండో ‘తో’ నేననుకున్న దాని కన్నా బాగా పాసైంది. ‘నేను ఫోన్లో మాట్లాడిన ఆవిడ’, ‘నేను గొడవపడిన మనిషి’. ఇవి మనుషులే, విభక్తి కూడా ‘తో’నే. కాబట్టి ‘మనిషి + తో = ఫెయిల్’ అన్న సూత్రం ఇక్కడే పోయింది. తేడా ఏమిటంటే మాట్లాడటానికీ గొడవపడటానికీ ఎదుటివాడు ఒకడు కావాలి, అది ఆ క్రియ లోపలే ఉన్న గుంట. కర్త ‘నేను’ వాక్యంలో ఉన్నాడు, ఎదుటివాడి చోటు ఖాళీగా ఉంది, తలలో ఉన్న మనిషి అందులో పడతాడు.

మూడోది తోడు. వెళ్ళడానికి తోడు అక్కర్లేదు. వెళ్ళే క్రియకి వెళ్ళేవాడు, చేరే చోటు, ఎక్కిన బండి ఇవి తడతాయి గానీ తోడు తట్టదు. ‘నేను వెళ్ళిన స్నేహితుడు’ వినగానే జనం మొహం చిట్లించి, ఏదో ఒక గుంటలో స్నేహితుణ్ణి పడేయడానికి చూస్తారు. ఒకరు ‘అంటే స్నేహితుడి ఇంటికి వెళ్ళావా?’ అన్నారు. అది సరదా జవాబు కాదు, చాలా పద్ధతైన జవాబు. దీనికి జోడీగా పెట్టిన ‘నేను వెళ్ళిన డాక్టరు’ అన్న వాక్యం హాయిగా పాసైంది, అందరూ ‘డాక్టర్ దగ్గరికి’ అనే తీసుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్తాం కాబట్టి ఆ మాటే దారి చూపించింది. ‘నేను వెళ్ళిన బస్సు’ పాస్, బస్సుకి ఉన్న పని అదే. క్రియ ఒకటే, ‘-ఇన’ ఒకటే, వ్యాకరణం ఒకటే. తలలో ఉన్న నామవాచకం మార్చితే జవాబు మారుతోంది.

ఊళ్ళ జోడీ కూడా ఇదే చెబుతుంది. ‘మేము బయల్దేరిన ఊరు’ అంటే మూలం అని అందరికీ తెలుసు, బయల్దేరడం అనే క్రియలోనే ‘నుంచి’ ఉంది. ‘మేము వచ్చిన ఊరు’లో రావడం గమ్యం వైపు చూస్తుంది, కాబట్టి ‘నుంచి’ అర్థం రాదు. అదే ‘నేను అప్పు తీసుకున్న మనిషి’ అంటే మళ్ళీ ‘నుంచి’ వచ్చేస్తుంది, తీసుకోవడానికి ఇచ్చేవాడు కావాలి కాబట్టి.

ఇక్కడ 1977 వ్యాసాన్ని ఇంకోసారి జాగ్రత్తగా చదవాలి. నాలుగో మెట్టు అంటే క్రియకి నిజంగా అవసరమైన నామవాచకాలే, ఊరికే పక్కన చేరిన సమయం, చోటు లాంటివి కావు అని వాళ్ళు ముందే గిరి గీసుకున్నారు. పెట్టెలో డబ్బు పెట్టడంలో పెట్టె లెక్కలోకి వస్తుంది, ఫలానా రోజు వెళ్ళిపోవడంలో ఆ రోజు రాదు. ఆ గిరి ప్రకారం తోడు ‘తో’ నిచ్చెన మీదే లేదు, కాబట్టి అక్కడ ఫెయిలైనా నిచ్చెనకి చిల్లు పడ్డట్టు కాదు. ఇది న్యాయమైన జవాబే, కానీ నాకు సగమే తృప్తి. ఎందుకంటే కత్తి కూడా కోయడానికి వ్యాకరణపరంగా తప్పనిసరి కాదు, ‘నేను వచ్చిన రోజు’లో రోజూ కాదు, అయినా రెండూ హాయిగా పాసవుతున్నాయి. తెలుగులో గిరి తప్పనిసరి, ఐచ్ఛికం అన్న చోట పడటం లేదు. తల మాటని చూసి సంబంధం ఊహించగలమా లేదా అన్న చోట పడుతోంది. రోజుకి, గదికి, కత్తికి, బస్సుకి ఊహించగలం. తోడుకి మాత్రం ఊహించలేం, ఎందుకంటే మనిషి ఏ పాత్రలోనైనా ఇమిడిపోతాడు.

పోయిన విభక్తిని వెనక్కి తేవచ్చా?

హీబ్రూలో ఈ ఇబ్బందికి ఒక మందు ఉంది, లోపల ఒక సర్వనామం వదిలేస్తారు. ‘హాఖవేర్ షెహలఖ్తి ఇతో’, మాటకి మాట పెడితే ‘స్నేహితుడు - అని - వెళ్ళాను - అతనితో’. ఆ ‘ఇతో’ విభక్తిని మోస్తుంది, ఇక ఊహించే పనే లేదు. హీబ్రూలో కర్మ మీద ఈ సర్వనామం పెట్టినా పెట్టకపోయినా సరే, విభక్తి మాటలున్న చోట మాత్రం పెట్టి తీరాలి. నిచ్చెన దిగేకొద్దీ ఈ సర్వనామాల అవసరం పెరుగుతుందన్నది కూడా ఆ వ్యాసం చూపించిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి.

తెలుగులో ఇది పెట్టి చూశాను: ‘నేను అతనితో వెళ్ళిన స్నేహితుడు’. ఘోరం. వినేవాళ్ళందరికీ ‘అతను’ ఇంకెవరో మూడో మనిషి అయిపోయాడు. ‘-ఇన’ లోపల సర్వనామం తల వైపు చూడటానికి మన చెవి ఒప్పుకోదు.

మనకున్న మందు వేరు: ‘నేను ఎవరితో వెళ్ళానో ఆ స్నేహితుడు’. ప్రశ్న మాట, క్రియ చివర ‘ఓ’, తర్వాత ‘ఆ’. ఇందులో ‘తో’ భద్రంగా ఉంది, ‘వెళ్ళాను’లో ‘ను’ కూడా భద్రంగా ఉంది. ‘-ఇన’ తుడిచేసిన రెండు గుర్తులూ ఇది దాచుకుంటుంది. అందుకే ఇది నిచ్చెన చివరిదాకా దిగుతుంది, ‘మేము ఏ ఊరి నుంచి వచ్చామో ఆ ఊరు’ అని ఎవరైనా అర్థం చేసుకుంటారు. విభక్తి చూపించే పద్ధతులు చూపించని వాటి కన్నా కిందికి వెళ్ళగలవన్నది కీనన్, కామ్రీల వాదన, తెలుగు రెండు పద్ధతులనీ పక్కపక్కన పెడితే అది చేత్తో తీసి చూపించినంత స్పష్టంగా కనబడుతుంది.

ఒక్క సంగతి. కుదురుతుంది కదా అని జనం ఈ రూపం వాడలేదు. ‘వెళ్ళిన స్నేహితుడు’ని సరిదిద్దమంటే దాదాపు అందరూ ఇచ్చింది ‘నాతో వచ్చిన స్నేహితుడు’ లేదా ‘నాతో వెళ్ళిన స్నేహితుడు’. అంటే కింద మెట్టు మీద ఉన్న స్నేహితుణ్ణి ఎత్తి కర్త మెట్టు మీద కూర్చోబెట్టారు, ‘తో’ని తెచ్చి ‘నేను’కి తగిలించారు! మలగసీ భాష ఈ పనిని వ్యాకరణంలోనే పెట్టుకుంది. అక్కడ కర్త మీద తప్ప రిలేటివ్ క్లాజ్ కట్టలేరు, కాబట్టి ఉతకడానికి క్రియ రూపాలు విడివిడిగా ఉన్నాయి: ‘మనస’ అంటే ఉతికేవాడు కర్త, ‘ససన’ అంటే బట్టలు కర్త, ‘అనసన’ అంటే సబ్బు కర్త. సబ్బు గురించి చెప్పాలంటే ముందు క్రియని ‘అనసన’ చేసి సబ్బుని కర్తని చేసి, ఆ తర్వాతే క్లాజ్ కడతారు. మనకి అలాంటి క్రియ రూపాలు లేవు, కాబట్టి మాటలు మార్చుకుని అదే పని చేస్తున్నాం. సరిదిద్దిన రూపాలు రాసుకోమన్నది ఇందుకే.

‘యొక్క’ మెట్టు: ఇదే అసలు చిక్కు

‘తండ్రి చనిపోయిన పిల్లాడు’, ‘కాలు విరిగిన కుర్చీ’, ‘తలుపు ఊడిపోయిన ఇల్లు’. పిల్లాడి తండ్రి, కుర్చీ కాలు, ఇంటి తలుపు. అన్నీ ‘యొక్క’ సంబంధాలే, అన్నీ పాస్. ఇప్పుడు ఇవి: ‘తండ్రి నన్ను తిట్టిన పిల్లాడు’, ‘కుక్క నన్ను కరిచిన మనిషి’. ఎవరి తండ్రి నన్ను తిట్టాడో ఆ పిల్లాడు అన్న అర్థంలో. ఫెయిల్, మాటలు మధ్యలో తెగిపోయినట్టుంటాయి. సంబంధం అదే, తండ్రీ కొడుకులే. మారింది లోపలి క్రియ. తండ్రి చనిపోతే అది పిల్లాడికి జరిగిన సంగతి. తండ్రి నన్ను తిడితే అది నాకు జరిగిన సంగతి, పిల్లాడికేం సంబంధం?

ఇది బావుంది గానీ, ‘సంబంధం’ అన్నది గాల్లో మాట. దాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష కావాలి. నాకు దొరికింది ‘కి’ పరీక్ష. ‘కుర్చీకి కాలు విరిగింది’ అనొచ్చు. ‘ఇంటికి తలుపు ఊడిపోయింది’ అనొచ్చు. ‘పిల్లాడికి తండ్రి పోయాడు’ కాస్త ఇటూ అటూగా ఉన్నా అంటారు. ‘పిల్లాడికి తండ్రి నన్ను తిట్టాడు’ అని ఎవరూ అనరు. ‘మనిషికి కుక్క నన్ను కరిచింది’ అసలే అనరు. అంటే మామూలు వాక్యంలో ఎక్కడ ‘కి’ పెట్టుకునే వీలుందో సరిగ్గా అక్కడే ‘-ఇన’ కూడా కుదురుతోంది. అలాంటప్పుడు ఇవి ‘యొక్క’ మెట్టు మీదివి కావేమో, ‘కి’ మెట్టు మీదున్నవే మారువేషంలో వచ్చాయేమో! తెలుగులో కలిగి ఉండటం ‘కి’తోనే చెబుతాం కదా, ‘ఆవిడకి ఇద్దరు కొడుకులున్నారు’. ‘ఇద్దరు కొడుకులున్న ఆవిడ’ని ‘యొక్క’ గడిలో పెట్టేస్తే పట్టిక పాడవుతుంది, అది ముందు నుంచీ ‘కి’నే. అందుకని ఆ గడిలోకి వచ్చే ప్రతి వాక్యానికీ పక్కన ‘కి’ పరీక్ష ఫలితం రాస్తున్నాను.

ఈ వివరణ నిలబడితే నిచ్చెనకి చిల్లు లేదు: ‘-ఇన’ కర్త నుంచి మొదలై విభక్తుల మెట్టు మీద ఊహకి అందినంతవరకు వెళ్ళి ఆగిపోతుంది, నిజమైన ‘యొక్క’ దాకా చేరదు. కానీ ఒక వాక్యం ఈ వివరణకి లొంగడం లేదు. ‘నేను పేరు మర్చిపోయిన ఆయన’. ఇది పాస్, బాగా పాస్. ‘ఆయనకి పేరు మర్చిపోయాను’ అని మాత్రం ఎవరూ అనరు. ఆయన పేరు, నిఖార్సైన ‘యొక్క’. పేరు మనిషికి అంటిపెట్టుకుని ఉండేది కాబట్టి అని సర్దుకోవచ్చు, అంటే మళ్ళీ ఊహ దగ్గరికే వస్తున్నాం. తండ్రి కూడా అంటిపెట్టుకున్నవాడే మరి!

టర్కిష్ ఇక్కడ ఒక మంచి తూకం రాయి. ‘బబసి ఓలెన్ చొజుక్’, తండ్రి చనిపోయిన పిల్లాడు. ‘బబసి బెని అజర్లయన్ చొజుక్’, తండ్రి నన్ను తిట్టిన పిల్లాడు. అక్కడ రెండూ కుదురుతాయి. ఎందుకంటే ‘బబసి’ అన్న మాటలోనే ‘అతని తండ్రి’ అని గుర్తుంది, చివరి ‘సి’ ఆ పని చేస్తుంది. మనం ఉత్త ‘తండ్రి’ అంటాం. ఎవరి తండ్రో చెప్పే గుర్తు లేదు, కాబట్టి క్రియే ఆ దారి చూపించాలి. చనిపోవడం చూపిస్తుంది, తిట్టడం చూపించదు. పోనీ మనమూ గుర్తు పెడదామని ‘తన తండ్రి నన్ను తిట్టిన పిల్లాడు’ అని చూస్తే, నా చెవికి కొంచెం మెరుగు, అంతే, పాస్ అనలేను. ఇక్కడ మాత్రం జనం కూడా ‘ఎవరి తండ్రి నన్ను తిట్టాడో ఆ పిల్లాడు’ అనే ‘ఓ’ రూపానికి దిగారు, లేదా విసుగొచ్చి రెండు వాక్యాలు చేసేశారు: ‘ఒక పిల్లాడు, వాళ్ళ నాన్న నన్ను తిట్టాడు చూడు, వాడు’.

ఆఖరి మెట్టు

రవి ఎవరి కన్నా పొడుగో ఆ మనిషి. దీన్ని ‘-ఇన’తో కట్టాలంటే ‘రవి పొడుగైన మనిషి’ అనాలి. దానికి ఎవరూ ఏ అర్థమూ చెప్పలేకపోయారు, మధ్యలో ఏదో మాట మింగేశానని అనుకున్నారు. ‘రవి కన్నా పొడుగైన మనిషి’ అని సరిదిద్దినవాళ్ళున్నారు, అది వ్యతిరేకార్థం, అక్కడ తల కర్త. ‘ఓ’ రూపం వ్యాకరణపరంగా కుదురుతుంది, ‘రవి ఎవరి కన్నా పొడుగో ఆ మనిషి’, సందర్భం చెప్పి వినిపిస్తే అర్థమైందన్నారు, కానీ తమంతట తాము ఎవరూ అనలేదు. సందర్భం మళ్ళీ చెప్పి, ఆ మనిషిని మీరెలా చెబుతారు అని అడిగితే వచ్చిన జవాబు ‘రవి కన్నా పొట్టిగా ఉన్న మనిషి’. పొడుగుని పొట్టి చేశారు, అంతే, అట్టడుగు మెట్టు మీదున్నవాడు పై మెట్టు మీద కర్తగా కూర్చున్నాడు. ‘నాతో వచ్చిన స్నేహితుడు’లో జరిగిందీ ఇదే కాబట్టి పట్టికలో ఇప్పుడు ఇంకో నిలువు వరస కలుపుతున్నాను: ‘కర్త చేసి చెప్పారా, ఏ మాట మార్చి?’ వ్యతిరేక పదం అంత తేలిగ్గా తట్టని పోలికలు, అంటే ‘నేను ఎవరి కన్నా ఎక్కువసార్లు ఓడిపోయానో ఆ మనిషి’ లాంటివి, తర్వాతి విడతలో పెడతాను. ‘తక్కువసార్లు’ అని తిప్పేస్తారా, ‘ఓ’కి దిగుతారా చూడాలి.